ఒక్కో ఆర్డర్‌పై చివరికి మిగిలేదెంత: ఆన్‌లైన్‌లో అమ్ముడైన ఒక కుర్తీ లెక్క

ఆన్‌లైన్‌లో దుస్తులు అమ్మేవారు సాధారణంగా చూసుకునే లెక్క ఒక్కటే. అమ్మిన ధరలోంచి కమీషన్, షిప్పింగ్ పోగా బ్యాంకులో ఎంత పడింది, అందులో సరుకు కొన్న ధర పోతే ఎంత మిగిలింది అన్నదే ఆ లెక్క. కొనుగోలుదారు ఉంచుకున్న ఒక్క ఆర్డర్‌ను విడిగా తీసుకుంటే ఈ లెక్కలో తప్పేమీ లేదు. వాపసు వచ్చిన పార్సిళ్ల ఖర్చును కూడా ఉంచుకున్న ఆర్డర్లే మోస్తాయన్న విషయం మాత్రం అందులో కనిపించదు. అలాగే పన్నుల పేరిట కోత పడిన మొత్తాల్లో ఏది నిజమైన ఖర్చో, ఏది తిరిగి చేతికి వచ్చే డబ్బో కూడా అందులో తేలదు. ఈ రెండూ కలిస్తే కాగితం మీది లాభంలో సగానికి పైగా మాయం కావచ్చు.

విజయవాడ వస్త్రలతలో టోకున కుర్తీలు కొని మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే ఒక చిన్న వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కుర్తీ కొనుగోలు ధర 300 రూపాయలు, దానిపై 5 శాతం జీఎస్టీ 15 రూపాయలు. ఆన్‌లైన్‌లో అమ్మే ధర పన్నుతో కలిపి 630. ఇందులో వస్తువు విలువ 600, జీఎస్టీ 30. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ధర ఉన్న రెడీమేడ్ దుస్తులపై 5 శాతమే పన్ను పడుతోంది. అంతకుముందు ఆ హద్దు 1,000 రూపాయలు, అది దాటితే 12 శాతం కట్టాల్సి వచ్చేది. మార్కెట్‌ప్లేస్ వసూలు చేసే రుసుములు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, తరచూ మారతాయి కూడా. అందువల్ల ఇక్కడ ఏ కంపెనీ ధరల పట్టికనూ తీసుకోకుండా 10 శాతం కమీషన్ కింద 63, స్థిర రుసుము 12, అరకిలో లోపు పార్సిల్‌కు సగటు షిప్పింగ్ 65 రూపాయలు అనుకుందాం. మొత్తం 140. వీటిపై 18 శాతం జీఎస్టీ 25 రూపాయల 20 పైసలు.

కోతలు ఇంకా రెండున్నాయి. జీఎస్టీ చట్టం ప్రకారం మార్కెట్‌ప్లేస్ తన దగ్గర పట్టి ఉంచుకునే టీసీఎస్, వస్తువు విలువపై అర శాతం. 2024 జులై 10కి ముందు ఇది ఒక శాతం ఉండేది. ఆదాయపు పన్ను చట్టంలో 194-ఓ సెక్షన్‌గా వ్యాపారులకు పరిచయమైన టీడీఎస్ 0.1 శాతం. ఇది కూడా 2024 అక్టోబరు 1కి ముందు ఒక శాతమే. మన కుర్తీపై టీసీఎస్ 3 రూపాయలు, టీడీఎస్ 60 పైసలు. అన్నీ పోగా బ్యాంకు ఖాతాలో పడేది 461 రూపాయల 20 పైసలు.

ఈ అంకెను అలాగే ఆదాయంగా తీసుకోవడం మొదటి పొరపాటు. అందులో కొనుగోలుదారు కట్టిన 30 రూపాయల జీఎస్టీ కలిసి ఉంది. అది ప్రభుత్వానికి చెందిన డబ్బు. మరోవైపు రుసుములపై కట్టిన 25.20 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే అమ్మకపు పన్నులోంచి తగ్గించుకునే మొత్తంగా దొరుకుతుంది. టీసీఎస్, టీడీఎస్ రెండూ వ్యాపారి పేరిటే జమ అయ్యే మొత్తాలు. కాబట్టి పన్నులన్నీ పక్కన పెట్టి, వస్తువు విలువ 600లోంచి పన్ను లేని రుసుము 140 తీసేయడమే సరైన పద్ధతి. అప్పుడు వచ్చేది 460. అందులోంచి కుర్తీ ధర 300, కవరు, లేబులు, టేపు కలిపి ప్యాకింగ్ ఖర్చు 12 పోతే 148 రూపాయలు మిగులుతుంది. అద్దె, జీతాలు, ఫొటోల ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు.

చాలామంది వ్యాపారులు తమ మనసులో ఉంచుకునే అంకె ఈ 148. ధర తగ్గించాలా వద్దా, పండగ సేల్‌లో చేరాలా వద్దా అన్న నిర్ణయాలకు ఆధారం కూడా ఇదే అవుతుంది. అయితే ఇది ఉంచుకున్న ఆర్డర్ తెచ్చిన మిగులు మాత్రమే. అసలు లెక్క పంపిన పార్సిళ్ల నుంచి మొదలవ్వాలి.

వంద పార్సిళ్లు పంపితే 70 మంది కుర్తీని ఉంచుకున్నారనుకుందాం. మిగతా 30 తిరిగి వచ్చాయి. ఆ ముప్పైలో రెండు రకాలున్నాయి, రెండింటి ఖర్చూ ఒకటి కాదు. 12 పార్సిళ్లు కొనుగోలుదారు చేతికి అందకుండానే వెనక్కి వచ్చాయి. ఫోన్ ఎత్తకపోవడం, చిరునామా దొరకకపోవడం, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి తలుపు దగ్గర వద్దనడం ఇందుకు మామూలు కారణాలు. వ్యాపారుల మాటల్లో ఇవి ఆర్‌టీఓలు. ఇంకో 18 మంది పార్సిల్ తీసుకుని, విప్పి, వేసుకుని చూసి, కొలత సరిపోలేదనో రంగు ఫొటోలో ఉన్నట్టు లేదనో వాపసు పంపారు.

ఆర్‌టీఓ వస్తే చాలా మార్కెట్‌ప్లేస్‌లలో వ్యాపారిపై షిప్పింగ్ పడదు. మన లెక్కలోనూ పడదనే అనుకుందాం. ప్యాకింగ్ వృథా అవుతుంది, పన్నెండింటిలో ఒకటి నలిగో తడిసో సగం ధరకు పోతుంది, మిగతా పదకొండింటికి కవరు మార్చి ఇస్త్రీ చేయడానికి కుర్తీకి 10 రూపాయలవుతుంది. అన్నీ కలిపితే 404 రూపాయలు, అంటే ఒక్కో ఆర్‌టీఓకు సుమారు 34. సరుకు ఇరవై రోజులు దారిలోనే ఉండిపోవడం కూడా ఇబ్బందే. అయినా రూపాయల్లో చూస్తే ఇది తట్టుకోగల నష్టం.

కొనుగోలుదారు వాపసు అలా కాదు. మన ఉదాహరణలో కమీషన్, స్థిర రుసుము రద్దవుతాయి, కానీ వెళ్లేటప్పటి షిప్పింగ్ 65 తిరిగి రాదు, పైగా వెనక్కి తెచ్చినందుకు 85 పడుతుంది. అంటే అమ్మకం జరగకుండానే 150 రూపాయలు, దానిపై జీఎస్టీ విడిగా. పద్దెనిమిదింటికి 2,700. ప్యాకింగ్ 216. తిరిగొచ్చిన వాటిలో 13 మళ్లీ అమ్మకానికి పనికొస్తాయి, వాటి ఇస్త్రీకి, కొత్త కవర్లకు 130. నాలుగింటికి పౌడరు మరకో, తెగిన దారమో, ఊడిన ట్యాగో ఉంటుంది. అవి స్థానికంగా సగం ధరకు పోతాయి, నష్టం 600. ఒక పార్సిల్‌లో మన కుర్తీకి బదులు పాత బట్ట వస్తుంది. ప్యాకింగ్ చేసేటప్పుడు, తిరిగొచ్చిన పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియోలు ఉండి, గడువులోగా క్లెయిమ్ పెడితే దానికి పరిహారం రావచ్చు. రాలేదనుకుంటే ఇంకో 300 పోయినట్టే. మొత్తం 3,946 రూపాయలు, ఒక్కో వాపసుకు సగటున 219.

ఈ వ్యాసంలో గుర్తుంచుకోదగ్గ పోలిక ఒకటుంటే అది ఇదే. ఉంచుకున్న ఒక కుర్తీ 148 రూపాయలు తెస్తే, వేసుకుని చూసి వాపసు పంపిన ఒక కుర్తీ 219 తీసుకుపోతుంది. ఒక వాపసు నష్టాన్ని పూడ్చడానికి దాదాపు ఒకటిన్నర మంచి ఆర్డర్లు కావాలి. వాపసులు 18 శాతమే కదా, లాభం కూడా 18 శాతమే తగ్గుతుందిలే అనుకోవడం సహజమే గానీ, ఈ పోలిక ముందు ఆ అంచనా నిలబడదు.

డెబ్బై కుర్తీలు తెచ్చిన మిగులు 10,360. అందులోంచి రెండు రకాల వాపసుల నష్టం 4,350 తీసేస్తే 6,010 మిగులుతుంది. ఉంచుకున్న ఒక్కో ఆర్డర్‌కు అది 86 రూపాయల లోపే. పంపిన ఒక్కో పార్సిల్‌కు లెక్కిస్తే 60. ప్రకటనలకు ఎంత ఖర్చు పెట్టవచ్చో నిర్ణయించేటప్పుడు వాడాల్సిన అంకె ఈ 60. ఎందుకంటే ప్రకటన మీద క్లిక్ పడ్డప్పుడే డబ్బు పోతుంది, ఆ ఆర్డర్ తర్వాత వాపసు వచ్చినా అది తిరిగి రాదు. 148ని చూసుకుని ఒక్కో ఆర్డర్‌కు 70 రూపాయల ప్రకటన ఖర్చు పరవాలేదనుకున్న వ్యాపారి, నిజానికి ప్రతి పార్సిల్ మీదా పది రూపాయలు చేతి నుంచి పెట్టుకుంటున్నాడు.

ఇదే కుర్తీ, ఇవే రుసుములు ఉంటే వాపసులు ఎంతవరకు వెళ్తే లాభం సున్నా అవుతుందో కూడా లెక్కగట్టవచ్చు. ఆర్‌టీఓలు 12 దగ్గరే ఆగి, కొనుగోలుదారు వాపసులు వందకు 34కు చేరితే మిగులు దాదాపు ఏమీ ఉండదు. దుస్తుల విషయంలో ఇది మరీ అరుదైన స్థాయి కాదు. బిగుతుగా కుట్టిన డిజైన్లలో, కొలతల పట్టిక సరిగా లేనిచోట ఒకే దుకాణంలోని ఒక రకం 15 దగ్గర, మరో రకం 35 దగ్గర ఉండవచ్చు. దుకాణం మొత్తానికి సగటు తీస్తే నష్టం తెచ్చే రకం కనిపించకుండా పోతుంది. అందుకే ఈ లెక్క ఒక్కో డిజైన్‌కు, వీలైతే ఒక్కో సైజుకు విడిగా చేయాలి.

ఇక పన్ను సంగతి. వంద పార్సిళ్ల మీద కొనుగోలుదారుల నుంచి వసూలైన జీఎస్టీ 70 ఆర్డర్లకు 2,100. మార్కెట్‌ప్లేస్ రుసుములపై కట్టిన జీఎస్టీ, ఉంచుకున్న వాటికి 1,764, వాపసులకు 486, కలిపి 2,250. అంటే రుసుములపై కట్టిన పన్ను ఒక్కటే, అమ్మకాల మీద వసూలైన పన్నును దాటిపోయింది. అమ్మకంపై 5 శాతం, రుసుములపై 18 శాతం ఉండటం ఇందుకు ఒక కారణం. వాపసు వచ్చిన ఆర్డర్‌పై అమ్మకపు పన్ను రద్దయినా షిప్పింగ్‌పై పన్ను అలాగే ఉండిపోవడం రెండో కారణం. దీనికి అమ్ముడైన కుర్తీల కొనుగోలుపై కట్టిన 1,050 కలిపితే, వంద పార్సిళ్లకు దాదాపు 1,200 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్ వాడకం లేకుండా పేరుకుపోతుంది.

పేరుకున్న క్రెడిట్‌ను రీఫండ్‌గా అడగవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. తిరగబడ్డ పన్ను నిర్మాణం కింద ఇచ్చే రీఫండ్, కొన్న వస్తువులపై పన్ను రేటు అమ్మే వస్తువు రేటు కంటే ఎక్కువైనప్పుడు వస్తువులపై కట్టిన పన్నుకే వర్తిస్తుంది. సేవలపై కట్టిన పన్నుకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరు 13న వీకేసీ ఫుట్‌స్టెప్స్ కేసులో తీర్పు ఇచ్చింది. కమీషన్, షిప్పింగ్ రెండూ సేవలే. మన ఉదాహరణలో కుర్తీ కొనుగోలు రేటూ అమ్మకం రేటూ 5 శాతమే కాబట్టి ఆ దారి కూడా లేదు. అదే వ్యాపారి ఎక్కువ పన్ను ఉన్న ఇంకేదైనా సరుకు కూడా అమ్ముతుంటే ఈ క్రెడిట్ అక్కడ సర్దుబాటవుతుంది. నమోదు లేని కుట్టుపనివారి దగ్గర కుర్తీలు తీసుకుంటే కొనుగోలు క్రెడిట్ పెద్దగా ఉండదు, పేరుకునేదీ తక్కువే. ఈ రెండూ కానప్పుడు ఆ 1,200 పుస్తకాల్లో ఆస్తిగా కనిపిస్తూనే చేతికి రాకుండా ఉంటుంది. దాన్ని ఖర్చుగానే రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం. అలా రాస్తే ఒక్కో ఉంచుకున్న ఆర్డర్‌పై మిగులు 86 నుంచి 69కి దిగుతుంది.

టీసీఎస్ పరిస్థితి వేరు. అది ఖర్చు కాదు గానీ తనంతట తాను తిరిగి రాదు. మార్కెట్‌ప్లేస్ మరుసటి నెల 10వ తేదీలోగా జీఎస్టీఆర్-8 దాఖలు చేశాక, వ్యాపారి జీఎస్టీ పోర్టల్‌లో ఆ మొత్తాన్ని చూసి అంగీకరించాలి. అప్పుడే అది ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. చాలామంది చిన్న వ్యాపారులు ఈ అడుగు దాటేసి నెలల తరబడి ఆ డబ్బును మరచిపోతారు. మన వ్యాపారికి క్రెడిట్ ఎక్కువై నగదు రూపంలో పన్ను కట్టాల్సిన అవసరమే రాదు కాబట్టి, లెడ్జర్‌లో చేరిన టీసీఎస్ కూడా వాడకం లేకుండా ఉండిపోతుంది. ఇన్‌పుట్ క్రెడిట్‌కు లేని వెసులుబాటు ఇక్కడ ఉంది. క్యాష్ లెడ్జర్‌లోని మిగులును రీఫండ్‌గా అడగవచ్చు. టీడీఎస్ మాత్రం ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపిస్తుంది, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. పాన్ లేదా ఆధార్ ఇచ్చిన వ్యక్తిగత వ్యాపారికి ఏడాది అమ్మకాలు 5 లక్షల లోపు ఉంటే ఇది అసలు పట్టరు.

షిప్పింగ్ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే వ్యాపారి చేతిలో ఉన్న కోత ఇదొక్కటే. కొరియర్ లెక్కలో కాటా బరువు, పరిమాణపు బరువు అని రెండుంటాయి. ఏది ఎక్కువైతే దాని ప్రకారం రుసుము పడుతుంది. పరిమాణపు బరువుకు సెంటీమీటర్లలో పొడవు × వెడల్పు × ఎత్తు ÷ 5000 అన్నది ఎక్కువగా వాడే సూత్రం. వచ్చే ఫలితం కిలోల్లో ఉంటుంది. 350 గ్రాముల కుర్తీని 30 × 25 × 4 సెంటీమీటర్ల ప్యాకెట్‌లో పెడితే పరిమాణపు బరువు 0.6 కిలో అవుతుంది, అంటే అరకిలో హద్దు దాటి పై స్లాబులోకి వెళ్తుంది. అదే కుర్తీని గట్టిగా మడిచి ఎత్తు 3 సెంటీమీటర్లకు తెస్తే 0.45 కిలో. పై స్లాబుకు వెళ్లేటప్పుడు 25, వచ్చేటప్పుడు 30 రూపాయలు అదనమనుకుంటే, షిప్పింగ్ పడని ఆర్‌టీఓలు పోగా వంద పార్సిళ్లకు పడేది 2,740 రూపాయలు. మన మొత్తం మిగులు 6,010 అన్నది గుర్తుంచుకుంటే ఒక్క సెంటీమీటరు విలువ ఎంతో తెలుస్తుంది. సెటిల్‌మెంట్ షీటులో ఒకే డిజైన్‌కు, ఒకే జోన్‌కు రెండు వేర్వేరు షిప్పింగ్ మొత్తాలు కనిపిస్తే, ఎక్కడో బరువు తప్పుగా నమోదైందని అర్థం. అప్పుడు కొలతల ఫొటోలతో అభ్యంతరం పెట్టాలి.

కమీషన్ లేని అమ్మకాల గురించి ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. మీషో 2021 నుంచి కమీషన్ తీసుకోకుండా నడుస్తోంది. అమెజాన్ ఇండియా 2025 ఏప్రిల్ 7 నుంచి 300 రూపాయల లోపు వస్తువులకు చాలా విభాగాల్లో రెఫరల్ ఫీజు పేరిట తీసుకునే కమీషన్‌ను ఎత్తివేసింది. మన కుర్తీపై కమీషన్ సున్నా అయితే వంద పార్సిళ్లకు 4,410 ఆదా అవుతుంది, అది చిన్న మొత్తం కాదు. కానీ అలాంటి చోట పోటీ ధరలోకి దిగుతుంది. ధరను 63 రూపాయలు తగ్గించగానే ఆ ఆదా దాదాపు అంతా కొనుగోలుదారుకు చేరిపోతుంది, వాపసు ఖర్చు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గదు.

లెక్క సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నెలవారీ బ్యాంకు జమలను ఆ నెల ఆర్డర్లతో భాగించడం పనికిరాదు. దసరాకు ముందు అమ్మకాలు రెట్టింపైన నెలలో జమలు నిండుగా కనిపిస్తాయి, ఎందుకంటే ఆ ఆర్డర్ల వాపసులు ఇంకా దారిలో ఉంటాయి. మరుసటి నెల అమ్మకాలు తగ్గి, పండగ వాపసులన్నీ ఒక్కసారిగా కోతలుగా పడతాయి. అప్పుడు వ్యాపారి తప్పు నెలను చూసి తప్పు కారణం వెతుకుతాడు. ఒక నెలలో పంపిన పార్సిళ్ల ఆర్డర్ నంబర్లన్నీ తీసుకుని, వాపసు గడువు ముగిసి చివరి సెటిల్‌మెంట్ వచ్చేవరకు 45 నుంచి 60 రోజులు ఆగి, ప్రతి నంబరు ఎదుట పడిన జమలను, కోతలను కూడాలి. మన ఉదాహరణలో అలా కూడితే వంద పార్సిళ్లకు బ్యాంకులో చేరిన మొత్తం 29,098 రూపాయలు. ఉంచుకున్న ఒక్కో ఆర్డర్‌కు అది 416, మొదట అనుకున్న 461 కాదు.

ఈ లెక్క చేతిలో ఉంటే ఎక్కడ చేయి పెట్టాలో కూడా అంకెలే చెబుతాయి. కొలతల పట్టికలో ఎస్, ఎం, ఎల్ అని మాత్రమే రాయకుండా ఛాతీ, నడుము, పొడవు అంగుళాల్లో ఇచ్చి, ఉతికితే బట్ట ఎంత ముడుచుకుంటుందో కూడా రాస్తే, 18 వాపసుల్లో ఐదు తగ్గాయనుకుందాం. ఆ ఐదుగురూ సరైన సైజు ఎంచుకుని కుర్తీ ఉంచుకుంటే మిగులు 1,835 రూపాయలు పెరుగుతుంది. వాళ్లు తమకు సరిపోదని తెలుసుకుని ఆర్డరే పెట్టకపోయినా 1,095 రూపాయలు మిగులుతాయి. ఆ రెండో సందర్భంలో అమ్మకాల సంఖ్య ఒక్కటి కూడా పెరగదు.